చారులో ‘చ’ ఒకటా, రెండా? మీ నోటితోనే తేల్చుకోండి

ముందు ఒక చిన్న పని చేయండి. ‘చేప’ అనండి. ఆ వెంటనే ‘చాప’ అనండి. తొందర లేకుండా, నాలుక ఎక్కడ తగులుతోందో గమనిస్తూ మళ్లీ అనండి. మీది గుంటూరో, బెజవాడో, ఆ చుట్టుపక్కల ఊరో అయితే ‘చేప’ అన్నప్పుడు నాలుక ముందుభాగం వెడల్పుగా లేచి అంగిలికి తగులుతుంది. ‘చాప’ దగ్గరికి వచ్చేసరికి నాలుక కొన మాత్రమే పైపళ్ల వెనక్కి చేరి, చివర్లో ‘స’ లాంటి చిన్న బుస వినిపిస్తుంది. అంటే ‘త’, ‘స’ అతుక్కుపోయి పుట్టినట్టుండే ధ్వని అన్నమాట.

గుంటూరులో ఎం.ఏ. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఇక్కడే మొదలుపెడతాను. ప్రతి ఏడూ వచ్చే జవాబు కూడా ఒకటే: “రెండూ చ-యే కదండీ!” ఆ జవాబులో తప్పు లేదు, ఒప్పూ లేదు. నోట్లో పుట్టినవి రెండు ధ్వనులు. మనసు లెక్కపెట్టింది ఒక్కటే. మనసు అలా ఒక్కటిగా లెక్కపెట్టేదాన్నే వర్ణం అంటాం, ఇంగ్లీషు పుస్తకాల్లో ఫోనీమ్ అంటారు. ఒకే వర్ణం చోటును బట్టి వేసుకునే వేషాలు సవర్ణాలు, అంటే అల్లోఫోన్లు.

ఇంగ్లీషువాళ్లకూ ఇలాంటి చెవుడు ఉంది. లండన్ మనిషి ‘పిన్’ అన్నప్పుడు పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పెడితే అది ఎగిరిపడుతుంది. ‘స్పిన్’ అన్నప్పుడు దాదాపు కదలదు. మొదటి ‘ప’లో గాలి తోపుడు ఉంది, రెండోదాంట్లో లేదు. ఆ తేడా అతనికి తెలియదు, ఎందుకంటే అతని భాషలో ఆ తేడా వల్ల ఏ మాటకూ అర్థం మారదు. మనం ‘పిన్ను’ అంటే కాగితం కదలదు. అందుకే మన ‘పిన్’ అతని చెవికి ఒక్కోసారి ‘బిన్’లా పడుతుంది.

ఇప్పుడు మన ‘చ’ సంగతి తేలుద్దాం. పాత నిఘంటువుల్లో పళ్ల దగ్గర పుట్టే ‘చ’ను ౘ అనీ, అలాంటి ‘జ’ను ౙ అనీ పైన గుర్తుపెట్టి రాసేవారు. ఇక్కడా అవే వాడతాను. ఫోన్ కీబోర్డులో దొరక్కపోతే ఇక్కణ్ణించే కాపీ చేసుకోండి. వీటిని దంత్యాలు అంటారు, మామూలు చ, జలను తాలవ్యాలు అంటారు.

మాట చూపించకండి, బొమ్మ చూపించండి

మొదటి మెట్టులోనే ఎక్కువమంది జారేది ఇక్కడ. కాగితం మీద ‘చాప’ అని రాసి “ఇది చదవండి” అంటారు. చదవమంటే బడిలో నేర్పిన ఉచ్చారణ బయటికొస్తుంది, ఇంట్లో మాట్లాడేది రాదు. అందుకని బొమ్మలు పెట్టుకోండి: చేప, చాప, చీమ, చుక్క, చెట్టు, చుట్ట, చిలక, జడ, జుట్టు, జీలకర్ర, జొన్నలు, జెర్రి. బొమ్మ గీయలేని మాటలకు ప్రశ్న వేయండి. “సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఏం వేస్తుంది?” అంటే ‘చలి’ దానంతటదే వస్తుంది. “చ ఎలా పలుకుతారండీ?” అని మాత్రం ఎవర్నీ అడగకండి. ఆ క్షణం నుంచి ఆ మనిషి నోరు మీ చేతిలో ఉండదు.

ఒక్కో మాటను మూడుసార్లు అనిపించండి, వరస మార్చి మార్చి. విడిగా కాకుండా “నేను చాప అన్నాను” లాంటి ఒకే వాక్యంలో పెట్టి అనిపిస్తే మాటలన్నీ ఒకే ఊపులో వస్తాయి, పోల్చడం తేలికవుతుంది. ‘పచ్చడి’, ‘మచ్చ’ లాంటి ద్విత్వాలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాటిలో మనిషికీ మనిషికీ తేడాలుంటాయి, మొదటి రోజే వాటి జోలికెళితే తల తిరుగుతుంది.

రికార్డు చేయడం

ఫోన్ చాలు. అయితే ఫోన్ కాల్‌ను రికార్డు చేసి తేకండి. పాతరకం మామూలు కాల్‌లో సుమారు 3400 హెర్ట్జ్ దాటిన ధ్వని అవతలికి చేరదు, మనకు కావలసిన బుస చాలావరకు దానికి పైనే ఉంటుంది. రికార్డర్ యాప్‌లో 44100 హెర్ట్జ్, `.wav` ఎంచుకోండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి, ఊపిరి నేరుగా మైకుకు తగలకుండా. ఫ్యాను ఆపాలి. మే నెలలో గుంటూరులో ఫ్యాను ఆపమని అడగడం ఎంత మర్యాదగా ఉంటుందో నాకు తెలుసు, కానీ ఫ్యాను హోరు ఆ బుస ఉండే చోటుకు కూడా పరుచుకుంటుంది. నా మొదటి రికార్డింగు అరండల్‌పేటలో రోడ్డువైపు కిటికీ తెరిచి చేశాను. ఆటో హారన్లు స్పష్టంగా వచ్చాయి, ‘చ’లు రాలేదు.

చెవి మీద నమ్మకం కుదరకపోతే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసింది. ఫైలు తెరిచి `View & Edit` నొక్కితే కింద బూడిదరంగు ధ్వనిపటం వస్తుంది. దాంట్లో ఒక ఉచ్చు ఉంది. మామూలుగా అది 5000 హెర్ట్జ్ దాకానే చూపిస్తుంది. `Spectrogram settings...` లోకి వెళ్లి `View range (Hz)` లో పైసంఖ్యను 8000 చేయండి. అప్పుడు రెండు ధ్వనుల తేడా కళ్లకు కడుతుంది. ‘చేప’లో బుస తాలూకు నల్లదనం కింద 2500, 3000 హెర్ట్జ్ ప్రాంతం నుంచే మొదలవుతుంది. ‘ౘాప’లో కిందంతా తెల్లగా ఉండి, నల్లదనం సుమారు 4000 పైన పోగుపడుతుంది. మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఒకరి ‘చ’ను ఇంకొకరి ‘ౘ’తో పోల్చకండి. ఒకే గొంతులోని రెంటినే పక్కపక్కన పెట్టండి.

చ తర్వాత ఏ అచ్చు ఉందో చూడండి

ఇప్పుడు కాగితం మధ్యలో గీత గీసి ఎడమ పక్క తాలవ్యాలు, కుడి పక్క దంత్యాలు రాయండి. విన్నదే రాయాలి, ఊహించింది కాదు. మా ఇంట్లో మా అమ్మ నోటి నుంచి వచ్చిన పట్టిక ఇలా ఉంది. ఎడమ పక్క: చిలక, చీమ, చెట్టు, చేప, జీలకర్ర, జెర్రి. కుడి పక్క: ౘలి, ౘాప, ౘుక్క, ౘుట్ట, ౘొప్ప, ౘోటు, ౙడ, ౙుట్టు, ౙొన్నలు.

ఎడమ పక్క చ, జల తర్వాత ఇ, ఈ, ఎ, ఏ తప్ప ఇంకో అచ్చు లేదు. కుడి పక్క అ, ఆ, ఉ, ఒ, ఓలు ఉన్నాయి, ఇ, ఎల జాడ లేదు. ఒకటి ఉన్న చోట రెండోది రాదు, రెండోది ఉన్న చోట మొదటిది రాదు. ఒకే ఇంటికి పగటి కాపలా ఒకడు, రాత్రి కాపలా ఇంకొకడు అన్నట్టు చోట్లు పంచుకున్నాయి. దీన్నే కాంప్లిమెంటరీ డిస్ట్రిబ్యూషన్ అంటారు. కారణం నాలుకలోనే ఉంది. ఇ, ఎ పలకడానికి నాలుక అంగిలి వైపు ముందుకు లేవాలి కాబట్టి దాని ముందున్న ‘చ’ కూడా అక్కడికే లాగబడుతుంది.

ఈ పంపకం కొత్తగా కనిపెట్టింది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) దంత్య తాలవ్య చ, జలు ఒకదానికొకటి సవర్ణాలని చెప్పి, ఏ అచ్చులతో ఏది వస్తుందో కూడా చెప్పాడు. ఐరోపాలో ఫోనీమ్ అన్న భావన కుదురుకోక ముందటి మాట ఇది.

చోట్లు పంచుకున్నంత మాత్రాన ఒకటే వర్ణమని చెప్పేయకూడదు. ఇంగ్లీషులో ‘హ’ మాట మొదట్లో వస్తుంది, ‘సింగ్’ చివరి అనునాసికం మాట మొదట్లో రానే రాదు. అవి కూడా ఎదురుపడవు. అలాగని ఆ రెండూ ఒకటేనని ఎవరూ అనరు, ధ్వనిలో వాటికి పోలికే లేదు కాబట్టి. మన ౘ, చలకు పోలిక ఉంది. దానికి మించిన సాక్ష్యం కూడా ఉంది. ‘దాచు’ అనండి, ‘దాచి’ అనండి. దాౘు, దాచి. ఒకే క్రియ, ఒకే ధాతువు, చివరి అచ్చు మారగానే హల్లు తన చోటు మార్చుకుంది. కాౘు, కాచి కూడా అంతే. రోజూ చేస్తున్నా మనకు తెలియడం లేదంటే ఆ రెండింటినీ మనసు ఒక్కటిగానే దాచుకుందని అర్థం.

రాత పెట్టే తిరకాసు

ఇక్కడిదాకా వచ్చాక క్లాసులో తెలివైన పిల్లలు లేచి అడుగుతారు. “మరి ‘దాచాడు’లో, ‘దాచాలి’లో రెంటిలోనూ ‘చా’ ఉంది కదండీ. ఒకటి తాలవ్యంగా, ఒకటి దంత్యంగా ఎందుకు పలుకుతున్నాం?”

మంచి ప్రశ్న. పలికి చూడండి. దాచాడు, దాౘాలి. రాతలో రెండు చోట్లా ‘చా’యే, నోట్లో హల్లులు వేరు. నియమం విరిగినట్టేనా?

విరగలేదు. హల్లును వదిలేసి అచ్చును వినండి. ‘దాచాలి’లో ఉన్నది ‘మామ’లోని ‘ఆ’. ‘దాచాడు’లో ఉన్నది అది కాదు. నోరు ఏ-కీ ఆ-కీ మధ్య సాగుతుంది. ఇంగ్లీషు ‘బ్యాట్’లో, మనం ‘బ్యాంకు’ అన్నప్పుడు య-వత్తు వేసి రాసే అచ్చు అది. ‘దాచినాడు’ కుదించుకుపోయి ‘దాచాడు’ అయినప్పుడు పోయిన ‘ఇ’ తన గుర్తును ఆ అచ్చు మీద వదిలి వెళ్లింది. దానికి అక్షరం లేదు కాబట్టి కొందరు ‘దాచేడు’ అని రాశారు, కొందరు ‘దాచాడు’ అని రాశారు. ఆ అచ్చు కూడా నాలుక ముందుకొచ్చే అచ్చే, అందుకే దాని ముందు తాలవ్యం వచ్చింది. ‘తిన్నాడు’, ‘తినాలి’ పక్కపక్కన పలికినా చివరి ‘నా’ల్లో ఈ తేడా వినిపిస్తుంది.

పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. అక్షరాలను పట్టికలో పెట్టినవాడికి నియమం విరుగుతుంది, ధ్వనులను పెట్టినవాడికి నిలబడుతుంది. ఇంగ్లీషు ‘బ్యాట్’ అచ్చు తెలుగులో లేదని గైడ్లలో రాసి ఉంటుంది. కోస్తా మాటలో అది పొద్దున లేచిన దగ్గర్నుంచి ‘వచ్చాడు’, ‘తిన్నాడు’ రూపంలో తిరుగుతూనే ఉంది.

ఎదురు సాక్ష్యం వెతకండి

మీ నియమాన్ని కూలగొట్టే మాటల కోసం ఇప్పుడు మీరే బయలుదేరాలి. ఎక్కువ తిరగక్కర్లేదు. చంద్రుడు, చరిత్ర, జలం, జాతి, జనం. అన్నిటా అ, ఆలే ఉన్నా దంత్యం రాదు. ఇవి సంస్కృతం నుంచి తాలవ్యంతోనే వచ్చిన మాటలు. ఇంగ్లీషు నుంచి వచ్చిన చార్టు, జడ్జి, జాకెట్ కూడా అంతే. ‘ౙలుబు’ అని వెంటనే ‘జలం’ అనండి. రెంటిలోనూ జ తర్వాత ఒకే ‘అ’ ఉంది, అయినా నాలుక రెండు చోట్లకు పోయింది. అంటే చుట్టూ ఉన్న ధ్వనులను చూసి ఏది వస్తుందో చెప్పలేని పరిస్థితి వచ్చేసింది.

ఇక మినిమల్ పేర్ దొరికితే చాలు. ఒక్క ధ్వని తప్ప మిగతా అంతా ఒకటిగా ఉండి, అర్థాలు వేరైన జంట అది. ‘ౙడ’ అంటే అల్లుకునేది. ‘జడ పదార్థం’లోని ‘జడ’ అంటే చలనం లేనిది. ఇంకోటి నాకు బెజవాడలో ఒక హాస్టల్లో చదివిన విద్యార్థిని తెచ్చిచ్చింది. ఆమె గదిలో ఉన్న అమ్మాయి పేరు చారుమతి, పిలుపు చారు. మెస్సులో వడ్డించే ఆవిడ “ౘారు కావాలా?” అని అరిస్తే ఆ అమ్మాయి తలెత్తేది కాదట. స్నేహితులు వెనకనుంచి “చారూ!” అంటే మాత్రం వెంటనే తిరిగేది. ఒకరోజు మెస్సుకి కొత్తగా వచ్చిన ఆవిడ తాలవ్యంతో “చారు అయిపోయింది” అనేసరికి బల్లంతా గొల్లుమంది. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ ప్రయోగశాలలోనూ దొరకదు.

అయితే పలకడంలో తేడా ఉంటే సరిపోదు, వినడంలోనూ ఉండాలి. ఒకే మనిషి పలికిన ‘ౘారు’, ‘చారు’ రికార్డింగులను కలిపి, వరస లేకుండా 20 సార్లు వినిపించండి. ప్రతిసారీ “అన్నంలోకా, మనిషా?” అని అడగండి. గుడ్డిగా ఊహించేవారికి సుమారు 10 ఒప్పవుతాయి. 15 లేదా అంతకుమించి ఒప్పయ్యే అవకాశం ఊహతో అయితే వందలో రెండుసార్లే. కాబట్టి 15 దాటితే ఆ చెవికి తేడా తెలుస్తోందనే అనుకోవచ్చు. వాక్యంలో పెట్టి మాత్రం వినిపించకండి. “చారు పోసుకో” అంటే చెవితో పనిలేకుండానే అర్థమైపోతుంది.

ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్లల్లో రెండు ‘చారు’లనూ తాలవ్యంగానే అనేవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. వాళ్ల నోట్లో అవి పలుకు ఒకటే అయిన రెండు మాటలు. వాళ్లను సరిదిద్దడం మీ పని కాదు, రాసుకోవడం మీ పని. తీర్పు మనిషి మనిషికీ విడిగా రాయాలి. మా అమ్మ పట్టిక కింద నేను రాసింది ఇది: అచ్చ తెలుగు మాటల వరకే చూస్తే ఒకటే వర్ణం, రెండు సవర్ణాలు. అరువు మాటలు కలుపుకుంటే అ, ఆల ముందు రెండు వర్ణాలు, ఇ, ఎల ముందు మాత్రం ఇప్పటికీ తేడా లేదు. “తెలుగులో చ ఒకటా రెండా” అని ఒక్క మాటలో చెప్పమంటే నేను చెప్పను.

ఇదే గీటురాయి ఇంగ్లీషు మీద

మనకు అచ్చును బట్టి మారిపోయే ఈ రెండు ధ్వనులే ఇంగ్లీషులో ఎదురెదురుగా నిలబడతాయి. పిల్లులు ‘క్యాట్స్’, పట్టుకోవడం ‘క్యాచ్’. మొదటిదాని చివర దాదాపు మన ౘ, రెండోదాని చివర మన చ. అక్కడ అర్థం మారిపోతుంది. ఇంగ్లీషువాళ్లు మాత్రం మొదటిదాన్ని ఒక ధ్వనిగా లెక్కించరు. ట, స అని రెండుగా విడదీస్తారు, ‘క్యాట్’కు బహువచనం ‘స’ చేరిందని వాళ్లకు తెలుసు కాబట్టి. నోట్లో దాదాపు ఒకటే పని, లెక్క మాత్రం వేరు.

ఇంకో ప్రయోగం చేయండి. ఇంగ్లీషు జడ్ అక్షరపు ధ్వని మనకు లేదు, దాని బదులు ‘జ’ వాడతాం. ఏ ‘జ’? పైన తేలిన నియమం నిజంగా నోట్లో ఉంటే ‘జీరో’, ‘జీబ్రా’ల్లో తాలవ్యమూ, ‘జూ’, ‘జోన్’లలో దంత్యమూ రావాలి. ఇంగ్లీషు పెద్దగా చదువుకోని నలుగురి చేత ఈ నాలుగు మాటలూ బొమ్మలతో, ప్రశ్నలతో అనిపించి ప్రాట్‌లో చూడండి. వస్తే మీ నియమానికి కొత్త బలం, రాకపోతే అది కూడా నమోదు చేయదగ్గ సంగతే.

ఇక ‘వ’. అద్దం ముందు నిలబడి ‘వీధి’, ‘వేప’ అనండి. కింది పెదవి పైపళ్ల దగ్గరికి వెళుతుంది, గట్టిగా ఆనదు. ‘వాన’ అన్నప్పుడు చాలామందికి పెదాలు రెండూ దగ్గరవుతాయి, పళ్లతో పని తగ్గుతుంది. మళ్లీ అచ్చును బట్టే పంపకం, మళ్లీ ఒకటే వర్ణం. ఇంగ్లీషులో మాత్రం పశువుల డాక్టరు వీ అక్షరంతో ‘వెట్’, తడి డబ్ల్యూ అక్షరంతో ‘వెట్’. చూశారా, తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయ్యాయి. మన చెవికి జరిగేది కూడా అదే.

నేర్పేటప్పుడు “పెదవి కొరకండి, పెదవి చుట్టండి” అని అరిస్తే లాభం లేదు. ముందు వినడం రావాలి. పై 20 సార్ల పరీక్షనే ఈ రెండు ‘వెట్’లతో, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల రికార్డింగుతో చేయండి. మొదటి రోజు నా క్లాసులో చాలామందికి 9, 10, 11 వస్తాయి. అలాంటివాళ్లకు పలకడం అప్పుడే మొదలుపెట్టను. రోజుకు ఇరవై చొప్పున వినిపిస్తూ, తప్పు చెప్పిన ప్రతిసారీ వెంటనే ఒప్పేదో చెబుతాను. 15 దాటినవాళ్లను అద్దం ముందుకు పిలుస్తాను. వీ-కి పైపళ్లు కింది పెదవికి ఆనించి గొంతుతో సన్నగా రొద చేయాలి, పెదవి మీద గిలిగింత తెలియాలి. డబ్ల్యూ-కి పళ్లు అద్దంలో కనిపించకూడదు, పెదాలు ఈల వేయబోతున్నట్టు ముందుకు రావాలి. ‘వెరీ వెల్’ అన్న రెండు మాటల్లో మొదటిదానికి గిలిగింత, రెండోదానికి ఈల. పది మందిలో ఇద్దరు ముగ్గురు రెంటికీ గిలిగింతే పెడతారు. వాళ్లను ‘వ’ వదిలేసి ముందు ‘ఊ’ అని పట్టి ఉంచమని, అక్కణ్ణించి ‘ఎల్’లోకి జారమని చెబుతాను. ‘ఊ-ఎల్’ నాలుగైదుసార్లు వేగంగా అనేసరికి డబ్ల్యూ వచ్చేస్తుంది.